ఈఎస్‌బీఎల్ నెగటివ్ వచ్చింది, అయినా క్లెబ్సియెల్లా దేనికీ లొంగడం లేదు

ప్రశ్న: సార్, కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఐసీయూలో షుగరున్న పేషెంటు బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే పెరిగింది. సెఫోటాక్సిమ్ 6 మి.మీ., క్లావులనేట్ కలిపిన డిస్క్ 7. సెఫ్టాజిడిమ్ 6, క్లావులనేట్‌తో 8. సెఫాక్సిటిన్ 6, అజ్ట్రియోనామ్ 10, అమికాసిన్ 6, ఇమిపెనెమ్ 19, మెరోపెనెమ్ 20. తేడా 5 మి.మీ. రాలేదు కాబట్టి ఈఎస్‌బీఎల్ నెగటివ్ అని రిపోర్టు ఇచ్చాం. డాక్టరు గారు "నెగటివ్ అంటే మంచిదే కదా, మెరోపెనెమ్ డోసు పెంచి కొనసాగిస్తా" అంటున్నారు. ఈఎస్‌బీఎల్ లేకపోతే ఇన్ని మందులకు ఎందుకు రెసిస్టెంట్ అయింది? కార్బపెనెమేజ్ చూడాలంటే మా దగ్గర పీసీఆర్ లేదు. ఏం చేయాలి?

సమాధానం:

ముందు ఆ డాక్టరు గారికి ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు. "సార్, ఈ క్లెబ్సియెల్లా కార్బపెనెమేజ్ తయారుచేస్తోందని గట్టి అనుమానం ఉంది, మెరోపెనెమ్ ఒక్కదాని మీద ఆధారపడొద్దు, రేపు పొద్దున్నకు ఖాయంగా చెప్తాం" అనండి. ఆ నెగటివ్‌ను చూసి ఆయన కుదుటపడ్డారు. మీరిచ్చిన జోన్లలో అలా కుదుటపడేందుకు ఏమీ లేదు.

ఎందుకో చెప్పాలంటే ఈఎస్‌బీఎల్ కన్ఫర్మేషన్ పరీక్ష నిజంగా ఏం అడుగుతుందో చూడాలి. ఈఎస్‌బీఎల్ ఉందా లేదా అని అది నేరుగా అడగదు. "సెఫలోస్పోరిన్‌ను పాడుచేస్తున్నది క్లావులనేట్‌కు లొంగుతుందా?" అని మాత్రమే అడుగుతుంది. సీటీఎక్స్-ఎం, ఎస్‌హెచ్‌వీ, టెమ్ రకాల ఈఎస్‌బీఎల్ ఎంజైముల్లో బీటాలాక్టమ్ రింగును తెంచే చోట సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. క్లావులనేట్ చూడటానికి పెన్సిలిన్ లాగే ఉంటుంది కాబట్టి ఎంజైము దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నాక వదిలించుకోలేదు. ఎర మింగిన చేప పరిస్థితి అన్నమాట. ఎంజైము అలా ఇరుక్కుపోతే సెఫోటాక్సిమ్ బతికి బయటపడుతుంది, జోన్ పెద్దదవుతుంది. రెండు డిస్కుల్లో ఏ ఒక్కదానికైనా క్లావులనేట్‌తో జోన్ 5 మి.మీ. లేదా అంతకన్నా పెరిగితే పాజిటివ్ అంటాం.

ఇప్పుడు అదే బ్యాక్టీరియాలో ఎన్‌డీఎం కూడా ఉందనుకోండి. ఎన్‌డీఎం మెటాలో-బీటాలాక్టమేజ్. దాని పని సెరీన్‌తో నడవదు, జింకుతో నడుస్తుంది. క్లావులనేట్ ఎర దానికి తగలదు. క్లావులనేట్ వెళ్లి సీటీఎక్స్-ఎంను కట్టిపడేసినా, పక్కనున్న ఎన్‌డీఎం సెఫోటాక్సిమ్‌ను తినేస్తూనే ఉంటుంది. ప్లేటు మీద మీకు కనిపించేది 6, 7 మాత్రమే. పరీక్ష తన ప్రశ్నకు నిజాయితీగానే "లేదు" అని చెప్పింది. దాన్ని మనం "ఈఎస్‌బీఎల్ లేదు" అని చదివాం. మన దేశంలో ఎన్‌డీఎం మోసే క్లెబ్సియెల్లాలో చాలావాటిలో సీటీఎక్స్-ఎం-15 కూడా ఉంటుంది, కాబట్టి మీ ఐసొలేట్‌లో ఈఎస్‌బీఎల్ ఉండే అవకాశమే ఎక్కువ. అది కప్పబడిపోయింది, అంతే.

ఏఎంపీసీ ఎంజైము కూడా ఇలాగే కప్పేస్తుంది. అది సెరీన్ ఎంజైమే, కానీ క్లావులనేట్‌కు లొంగదు. సెఫాక్సిటిన్ 6 మి.మీ. ఉండటం ఏఎంపీసీకీ సరిపోతుంది, ఎన్‌డీఎంకీ సరిపోతుంది, అందుకే ఆ ఒక్క జోన్‌తో తేల్చలేం. తేల్చేది కార్బపెనెమ్‌లే. మెరోపెనెమ్ 23 మి.మీ. దగ్గర సెన్సిటివ్ మొదలవుతుంది, 20 నుంచి 22 వరకు ఇంటర్మీడియట్, 19కి దిగితే రెసిస్టెంట్. ఇమిపెనెమ్‌కూ అవే అంకెలు. మీది ఒకటి 20, ఒకటి 19. ఏఎంపీసీ లేదా ఈఎస్‌బీఎల్ ఉండి, పైగా బ్యాక్టీరియా పొరలోని పోరిన్ ద్వారాలు మూసుకుపోయినా ఇలాంటి జోన్లు వస్తాయి. అక్కడ కార్బపెనెమ్ లోపలికి తక్కువగా వెళ్తుంది, విరిగిపోదు. ఇక్కడ రెండు దారులు విడిపోతాయి: మందు విరిగిపోతోందా, లోపలికి పోలేకపోతోందా? పీసీఆర్ లేకుండా దీన్ని తేల్చే పరీక్ష మీ ల్యాబ్‌లో ఇప్పుడున్న సామానుతోనే చేయొచ్చు.

దాని పేరు ఎంసిమ్. దానికి జోడీ ఈసిమ్. సీఎల్‌ఎస్‌ఐ 2017లో ఎంసిమ్‌ను తన ప్రమాణాల్లోకి తెచ్చింది. పాత మాడిఫైడ్ హాడ్జ్ పరీక్షను మరుసటి ఏడాది తీసేసింది. మీ ల్యాబ్‌లో ఇంకా క్లోవర్ ఆకు ఆకారం చూసి రిపోర్టు ఇచ్చేవాళ్లు ఉంటే మాన్పించండి. హాడ్జ్ సరిగ్గా ఎన్‌డీఎం దగ్గరే తప్పుతుంది, మనకు తరచూ తగిలేవాటిలో ఎన్‌డీఎం ఒకటి.

ఎంసిమ్ ఆలోచన సులువు. మెరోపెనెమ్ డిస్కును అనుమానపు బ్యాక్టీరియాతో కలిపి నాలుగు గంటలు ఉంచుతాం. బ్యాక్టీరియాలో కార్బపెనెమేజ్ ఉంటే డిస్కులోని మందంతా విరిగిపోతుంది. తర్వాత ఆ డిస్కును అన్నిటికీ లొంగే ఈకోలై లాన్ మీద పెడతాం. మందు పోయి ఉంటే జోన్ రాదు, మిగిలి ఉంటే పెద్ద జోన్ వస్తుంది. పోరిన్ మూసుకుపోయిన బ్యాక్టీరియా మందును విరవదు కాబట్టి జోన్ పెద్దగానే వస్తుంది. మీరడిగిన ప్రశ్నకు ఇదే జవాబు చెప్తుంది.

ఎలా చేయాలంటే, ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ 2 మి.లీ. చొప్పున రెండు ట్యూబులు తీసుకోండి. ఒకదానిపై ఎం అని, రెండోదానిపై ఈ అని రాయండి. ఈ అని రాసిన ట్యూబులో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు వేయండి. రాత్రి బ్లడ్ అగార్ మీద పెరిగిన కాలనీ నుంచి 1 మైక్రోలీటర్ లూపు నిండా తీసి ఒక్కో ట్యూబులో కలపండి. పది పదిహేను సెకన్లు వోర్టెక్స్ చేయండి. ప్రతి ట్యూబులో 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్ డిస్కు ఒకటి వేసి, అది పూర్తిగా మునిగిందో లేదో చూడండి. తేలుతుంటే స్టెరైల్ లూపుతో కిందికి నొక్కండి. 35 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో నాలుగు గంటలు, పావుగంట అటూ ఇటూ. అంతకుమించి సాగదీయొద్దు.

నాలుగు గంటలు అవుతుండగా ఏటీసీసీ 25922 ఈకోలైతో 0.5 మెక్‌ఫర్లాండ్ చేసి ముల్లర్ హింటన్ ప్లేటు మీద మామూలు సెన్సిటివిటీకి చేసినట్టే లాన్ వేయండి. మూడు నుంచి పది నిమిషాలు ఆరనివ్వండి. 10 మైక్రోలీటర్ లూపుతో డిస్కు తీసి, ట్యూబు గోడకు ఒత్తి నీళ్లు బాగా పిండి, ప్లేటు మీద పెట్టండి. ఎక్కువమంది తప్పుచేసేది ఈ పిండడం దగ్గరే. బ్రాత్ కారుతున్న డిస్కు పెడితే, డిస్కు చుట్టూ మీ క్లెబ్సియెల్లానే బంక బంకగా పెరిగి, జోన్ అంచు ఎక్కడో తెలియకుండా పోతుంది. రెండు డిస్కులూ ఒకే ప్లేటు మీద దూరదూరంగా పెట్టొచ్చు. ప్లేటు తిరగేసి 18 నుంచి 24 గంటలు ఇంక్యుబేట్ చేయండి.

చదవడం ఇలా. ఎం డిస్కు జోన్ 6 నుంచి 15 మి.మీ. మధ్య ఉంటే కార్బపెనెమేజ్ పాజిటివ్. 19 లేదా ఎక్కువ ఉండి జోన్ శుభ్రంగా ఉంటే నెగటివ్. 16 నుంచి 18 మధ్య ఉంటే తేలనట్టే, కానీ ఆ జోన్ లోపల సూదిమొనంత కాలనీలు కనిపిస్తే దాన్ని పాజిటివ్‌గా తీసుకోవాలి. ఈ కాలనీలు చూడాలంటే ప్లేటును వెలుతురుకు ఎదురుగా వంచి చూడాలి, స్కేలు పెట్టి అంకె రాసుకుని వదిలేస్తే దొరకవు.

ఎం పాజిటివ్ వచ్చినప్పుడు మాత్రమే ఈడీటీఏ ట్యూబు డిస్కు వైపు చూడండి. ఈడీటీఏ జింకును లాగేసుకుంటుంది. జింకు పోతే ఎన్‌డీఎం, వీఐఎం, ఐఎంపీ లాంటి మెటాలో ఎంజైములు పనిచేయవు, మందు మిగిలిపోతుంది, ఈ డిస్కు జోన్ ఎం డిస్కు కంటే 5 మి.మీ. లేదా ఎక్కువ పెద్దదవుతుంది. అప్పుడు మెటాలో-బీటాలాక్టమేజ్ అని రాయొచ్చు. 4 మి.మీ. లేదా తక్కువ తేడా ఉంటే ఈసిమ్ నెగటివ్. ఈడీటీఏ డిస్కు జోన్‌లో చిన్న కాలనీలు ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

మీ ఐసొలేట్‌కు ఎం 6, ఈ 20 వచ్చాయనుకుందాం. తేడా 14. మెటాలో ఎంజైము ఖాయం. మన ప్రాంతపు క్లెబ్సియెల్లాలో మెటాలో అంటే దాదాపు ఎన్‌డీఎం అనే అనుకోవచ్చు, కానీ రిపోర్టులో మాత్రం "మెటాలో-బీటాలాక్టమేజ్" అనే రాయండి, జీన్ పేరు రాయొద్దు. మనం చూసింది ఎంజైము పని, జీన్ కాదు.

ఎం 6, ఈ 8 వస్తే? ఈ ఫలితం దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పుస్తకం ప్రకారం చదివితే "సెరీన్ కార్బపెనెమేజ్, మెటాలో కాదు" అని వస్తుంది. మన దేశంలో ఓఎక్స్ఏ-48 రకం ఎంజైములు, ముఖ్యంగా ఓఎక్స్ఏ-181, ఓఎక్స్ఏ-232, క్లెబ్సియెల్లాలో చాలా మామూలు. ఎన్‌డీఎం, ఓఎక్స్ఏ రెండూ ఒకే బ్యాక్టీరియాలో ఉండటమూ మామూలే. అలాంటప్పుడు ఈడీటీఏ ఎన్‌డీఎంను ఆపినా ఓఎక్స్ఏ మెరోపెనెమ్‌ను విరుస్తూనే ఉంటుంది, ఈ డిస్కు జోన్ పెరగదు. మీ ఈఎస్‌బీఎల్ పరీక్షలో జరిగిందే ఇక్కడా మళ్లీ జరుగుతుంది: ఒక ఎంజైము ఇంకోదాన్ని కప్పేస్తుంది. "మెటాలో లేదు" అని రాస్తే డాక్టరు సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ ఒక్కటే మొదలుపెడతారు. ఎవిబాక్టమ్ ఓఎక్స్ఏ-48ను, కేపీసీని ఆపుతుంది. ఎన్‌డీఎంను ఆపదు. పేషెంటుకు ఖరీదైన మందు పడుతుంది, లోపల ఎన్‌డీఎం దాన్ని విరగ్గొడుతూనే ఉంటుంది.

దీనికి అందరికీ అందుబాటులో ఉన్న అడ్డుకట్ట సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ డిస్కు. 30/20 డిస్కుకు 21 మి.మీ. లేదా ఎక్కువ సెన్సిటివ్, 20 లేదా తక్కువ రెసిస్టెంట్. 20 నుంచి 22 దగ్గర వస్తే ఎంఐసీతో సరిచూసుకోవాలి. ఎన్‌డీఎం ఉన్న ఐసొలేట్ దగ్గర జోన్ చిన్నదిగానే ఉంటుంది. ఈసిమ్ నెగటివ్, కానీ సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ డిస్కు రెసిస్టెంట్ అయితే ఈసిమ్ మాట నమ్మొద్దు, మెటాలో దాగి ఉందనే అనుకోండి. డబ్బు పెట్టగలిగితే పావుగంటలో తేల్చే కార్డు కిట్లు ఉన్నాయి, ప్రెగ్నెన్సీ టెస్టులాగే గీతలు పడతాయి. ఎన్‌డీఎంకు ఒక గీత, ఓఎక్స్ఏ-48కు ఒకటి, కేపీసీకి ఒకటి, అలా విడివిడిగా చూపిస్తాయి. ప్రతి ఐసొలేట్‌కూ కొనలేకపోయినా, ఐసీయూ బ్లడ్ కల్చర్లకు మాత్రం రెండు మూడు కార్డులు ఫ్రిజ్‌లో పెట్టుకోమని మీ యాజమాన్యానికి చెప్పండి. ఎంసిమ్ జవాబు మర్నాడు వస్తుంది. సెప్టిక్ షాక్‌లో ఉన్న పేషెంటుకు మర్నాడు చాలా దూరం.

ఇంకో చిన్న విషయం, దీన్ని నేను చాలా ఇష్టంగా చేస్తాను. మీ ప్లేటు మీద అజ్ట్రియోనామ్ 10 మి.మీ. వచ్చింది కదా. ఎన్‌డీఎం దాదాపు అన్ని బీటాలాక్టమ్‌లనూ విరుస్తుంది గానీ అజ్ట్రియోనామ్‌ను విరవలేదు. మరి జోన్ ఎందుకు 10? దాన్ని విరుస్తున్నది పక్కనున్న సీటీఎక్స్-ఎం. అంటే కప్పబడిన ఈఎస్‌బీఎల్ ఇక్కడ బయటపడుతోంది. నిజమో కాదో చూడాలంటే అజ్ట్రియోనామ్ డిస్కును, అమాక్సిసిలిన్-క్లావులనేట్ డిస్కును కేంద్రం నుంచి కేంద్రానికి 20 మి.మీ. దూరంలో పెట్టండి. అజ్ట్రియోనామ్ జోన్ క్లావులనేట్ వైపు సాగి తాళంచెవి కన్నంలా కనిపిస్తే, ఈఎస్‌బీఎల్ అక్కడే ఉంది. క్లావులనేట్ బదులు సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ డిస్కు పెట్టి చూసినా ఇదే తత్వం: ఎవిబాక్టమ్ సీటీఎక్స్-ఎంను ఆపితే అజ్ట్రియోనామ్ పనిచేయడం మొదలవుతుంది. ఎన్‌డీఎం ఇన్‌ఫెక్షన్‌కు ఈ రెండు మందులు కలిపి ఇవ్వడం వెనకున్న లెక్క ఇదే. పక్కపక్క డిస్కులు చూసి "ఈ కాంబినేషన్ సెన్సిటివ్" అని రాయకూడదు, దానికి కొలత లేదు. రెండు డిస్కులనూ బ్రాత్‌లో నానబెట్టి చేసే డిస్క్ ఎల్యూషన్ పద్ధతి సీఎల్‌ఎస్‌ఐలో ఉంది, రాసి ఇవ్వాలంటే అది చేయాలి. కానీ ప్లేటు మీద జోన్ సాగడం కనిపిస్తే డాక్టరుకు ఫోన్‌లో చెప్పడంలో తప్పులేదు.

ఇక డాక్టర్లు వీటి పేరు వింటే ఎందుకు కంగారుపడతారన్నది. మీరు నేరుగా అడగలేదు గానీ, డాక్టరు గారి మాటలో ఆ ప్రశ్న ఉంది.

ఈఎస్‌బీఎల్ వరకే అయితే మెరోపెనెమ్ ఉంది. కానీ మెరోపెనెమ్ వాడకం తగ్గించాలని పిప్‌టాజ్‌తో సరిపెట్టుకుందామన్న ఆలోచనను మెరినో ట్రయల్ 2018లో దెబ్బతీసింది. సెఫ్ట్రయాక్సోన్‌కు రెసిస్టెంట్ అయిన ఈకోలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్న పేషెంట్లలో, పిప్‌టాజ్ తీసుకున్నవాళ్లలో 30 రోజుల్లో 12.3 శాతం మంది చనిపోయారు. మెరోపెనెమ్ గుంపులో 3.7 శాతం. ఆ క్రిములు ల్యాబ్‌లో పిప్‌టాజ్‌కు సెన్సిటివ్ అనే వచ్చాయి. తర్వాత మళ్లీ పరీక్షించి చూస్తే, టాజోబాక్టమ్‌కు సరిగా లొంగని ఓఎక్స్ఏ-1 లాంటి ఎంజైములు కొన్నిటిలో ఉన్నాయి, కొన్ని ఎంఐసీలు ముందు అనుకున్నదానికంటే ఎక్కువ తేలాయి. అందుకే ఆ అంకెలను ఉన్నవున్నట్టు పట్టుకుని వేలాడొద్దు. కానీ రక్తంలో ఈఎస్‌బీఎల్ ఉన్నప్పుడు ప్లేటు మీది పిప్‌టాజ్ ఎస్‌ను చూసి ధైర్యపడలేం అన్నది మిగిలింది. మీ రిపోర్టు ఫార్మాట్‌లో పిప్‌టాజ్‌కు పాత హద్దులే ఉన్నాయేమో చూసుకోండి. 2022లో అవి మారాయి, ఇప్పుడు 25 మి.మీ. లేనిదే ఎస్ రాయకూడదు.

కార్బపెనెమేజ్ వచ్చేసరికి మెరోపెనెమ్ అన్న మెట్టూ పోతుంది. మీ డాక్టరు గారన్నట్టు ఐ ఉంది కాబట్టి డోసు పెంచుదామన్న ఆలోచన మామూలు క్రిమికి సరైనదే, ఇంటర్మీడియట్ అంటే అదే అర్థం. కానీ కార్బపెనెమేజ్ ఖాయమైతే, జోన్ ఎస్‌లో ఉన్నా కార్బపెనెమ్‌ను నమ్మొద్దని అమెరికా ఐడీఎస్‌ఏ మార్గదర్శకాలు చెప్తున్నాయి. కారణం అర్థమయ్యేదే. మన ప్లేటు మీద 0.5 మెక్‌ఫర్లాండ్ బ్యాక్టీరియా ఉంది. చీము పట్టిన కిడ్నీలోనో, నిమ్ము పట్టిన ఊపిరితిత్తిలోనో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, అన్ని రెట్లు ఎంజైమూ ఉంటుంది. 20 మి.మీ. జోన్ అక్కడ నిలబడదు.

పైగా ఈ జీన్లు ఒంటరిగా రావు. ప్లాస్మిడ్ మీద గుంపుగా వస్తాయి. మీ పేషెంటు అమికాసిన్ 6 మి.మీ. చూశారుగా, అది యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఎన్‌డీఎం మోసే ప్లాస్మిడ్ల మీద తరచూ 16ఎస్ మిథైలేజ్ జీన్ కూడా ఉంటుంది. అది రైబోజోమ్‌ను మార్చేసి అమికాసిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్ మూడిటినీ ఒకేసారి కొట్టేస్తుంది. కాబట్టి మిగిలేవి కొలిస్టిన్, టైగీసైక్లిన్ లాంటివి. టైగీసైక్లిన్ రక్తంలో తక్కువ మోతాదులోనే నిలుస్తుంది కనుక బ్లడ్‌స్ట్రీమ్ ఇన్‌ఫెక్షన్‌కు మంచి ఎంపిక కాదు. కొలిస్టిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, షుగరుతో ఏళ్ల తరబడి ఉన్న మన పేషెంట్ల కిడ్నీలు అప్పటికే అంతంతమాత్రం. డాక్టరు భయపడేది ఎంజైము పేరు విని కాదు, చేతిలో మిగిలిన సీసాలు చూసి.

కొలిస్టిన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. దానికి డిస్కు పెట్టొద్దు, ఎంత పెద్ద జోన్ వచ్చినా రాయొద్దు. పెద్ద అణువు, అగార్‌లో సరిగా పాకదు, జోన్‌కు అర్థం ఉండదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ గానీ, కొలిస్టిన్ బ్రాత్ డిస్క్ ఎల్యూషన్ గానీ చేయాలి. రెండూ కుదరకపోతే చేయలేదనే రాయండి.

ఇప్పుడు కడప ఎండల సంగతి. మార్చి నుంచి జూన్ వరకు మన దగ్గర వచ్చే విచిత్ర ఫలితాల్లో చాలావాటికి కారణం డిస్కులే. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పార్సిల్ వచ్చి, బస్టాండులో పగలంతా ఉండి, సాయంత్రం మన చేతికి అందుతుంది. క్లావులనేట్, ఇమిపెనెమ్ రెండూ వేడికి, తేమకు త్వరగా పాడయ్యేవే. క్లావులనేట్ పాడైతే ఈఎస్‌బీఎల్ ఉన్నదీ నెగటివ్ వస్తుంది. మెరోపెనెమ్ డిస్కు బలం తగ్గితే సెన్సిటివ్ క్రిమికీ ఐ వస్తుంది, ఎంసిమ్‌లో అయితే లేని కార్బపెనెమేజ్ కనిపిస్తుంది. కాబట్టి మీ ఫలితాన్ని నమ్మే ముందు కంట్రోల్ ఏం చెప్పిందో చూడండి. ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లాలో ఎస్‌హెచ్‌వీ-18 అనే ఈఎస్‌బీఎల్ ఉంది. దానికి సెఫ్టాజిడిమ్ జోన్ క్లావులనేట్‌తో 5 మి.మీ. అన్నా పెరగాలి. పెరగకపోతే ఆ బ్యాచ్ పారేయండి. 25922 ఈకోలైకి మెరోపెనెమ్ జోన్ కనీసం 28 రావాలి. ఎంసిమ్ చేసిన ప్రతిసారీ కార్బపెనెమేజ్ లేని కంట్రోల్ ఒకటి పక్కన నడపండి, దానికి 19 లేదా ఎక్కువ జోన్ రాకపోతే ఆరోజు పాజిటివ్‌లన్నీ అనుమానమే. ఎన్‌డీఎంకు బీఏఏ-2146 అనే కంట్రోల్ స్ట్రెయిన్ దొరుకుతుంది, ఎంసిమ్, ఈసిమ్ రెండిటికీ పాజిటివ్ ఇస్తుంది.

వాడే సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, నిల్వ సీసాలను మైనస్ 20లో ఉంచాలని మీకు తెలిసే ఉంటుంది. తెలిసీ చాలామంది చేయనిది ఒకటుంది: బయటికి తీసిన సీసాను గంట రెండు గంటలు గది వేడికి రానిచ్చి, తర్వాతే మూత తీయాలి. లేకపోతే చల్లటి డిస్కు మీద తేమ పట్టి మందు చెడిపోతుంది. సీసాలో సిలికా జెల్ రంగు మారిందంటే ఇక దాన్ని నమ్మకండి.

ఈడీటీఏ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. 0.5 మోలార్ ద్రావణానికి డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్ 18.61 గ్రాములు తీసుకుని 100 మి.లీ. చేయాలి. మొదట నీళ్లలో పోస్తే తెల్లగా అడుగున కూర్చుంటుంది, ఎంత కలిపినా కరగదు. పౌడరు నాసిరకమని మళ్లీ కొన్నవాళ్లు ఉన్నారు. సోడియం హైడ్రాక్సైడ్ కొంచెం కొంచెంగా వేసి పీహెచ్ 8 దగ్గరికి తెస్తే అప్పుడు కరుగుతుంది. ఆటోక్లేవ్ చేసి చిన్న సీసాల్లో పెట్టుకోండి.

సూడోమోనాస్‌కు ఎంసిమ్ చేయాల్సి వస్తే 1 మైక్రోలీటర్ బదులు 10 మైక్రోలీటర్ లూపు వాడాలి. ఎసినెటోబాక్టర్‌కు మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, ఫలితం నమ్మదగ్గది కాదు.

రిపోర్టు సరిదిద్దే పని మిగిలింది. పాతది వెనక్కి తీసుకుని, "సవరించిన రిపోర్టు" అని పైన రాసి, తేదీ, సమయం వేసి ఇవ్వండి. ఈఎస్‌బీఎల్ నెగటివ్ అన్న గీత తీసేయండి. దాని బదులు "కార్బపెనెమ్‌కు లొంగని ఐసొలేట్, ఈఎస్‌బీఎల్ పరీక్షను ఇందులో అన్వయించలేం" అని రాస్తే చాలు. ఇకమీదట కార్బపెనెమ్ జోన్ తగ్గిన ఏ క్రిమికీ ఈఎస్‌బీఎల్ పాజిటివ్, నెగటివ్ రెండూ రాయకండి. ఆటోమేటెడ్ మెషిన్ "ఈఎస్‌బీఎల్ నెగ్" అని తనంతట తాను అచ్చు వేసినా అది రిపోర్టులోకి వెళ్లకుండా ఆపండి. జోన్లు కొలిచినవి కొలిచినట్టే ఇచ్చి, ఎంసిమ్, ఈసిమ్ ఫలితం రాగానే కింద వ్యాఖ్యగా చేర్చండి: "కార్బపెనెమేజ్ పాజిటివ్, మెటాలో-బీటాలాక్టమేజ్. మెరోపెనెమ్ ఇంటర్మీడియట్‌గా కనిపించినా వాడకానికి తగదు. సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ ఒక్కటిగా పనిచేయదు. అజ్ట్రియోనామ్‌తో కలిపి వాడే విషయం చర్చించండి."

అదే ఫోన్‌లో ఐసీయూ సిస్టర్‌కు కూడా చెప్పండి. ఈ పేషెంటును వేరే గదిలోకి, గది లేకపోతే వార్డు చివరి మంచానికి మార్చమనండి. గౌను, గ్లవ్స్ అతని మంచం దగ్గరే ఉండాలి, అతనికి వాడిన బీపీ పట్టీ, స్టెతస్కోపు వేరేవాళ్లకు పోకూడదు. పక్క మంచాల పేషెంట్ల రెక్టల్ స్వాబ్‌లు పంపమనండి. ఎన్‌డీఎం పేగుల్లో నెలల తరబడి దాక్కుంటుంది, జ్వరం తగ్గి ఇంటికి వెళ్లిన పేషెంటు మూడు నెలల తర్వాత ఇంకో జబ్బుతో వచ్చి చేరినా అది అతనితోపాటే వస్తుంది. అందుకే కేస్ షీటు మొదటి పేజీ మీద, డిశ్చార్జి సమ్మరీ మీద రాయించండి. ఐసొలేట్‌ను స్లాంట్ మీద, గ్లిసరాల్‌లో కూడా దాచుకోండి. తర్వాత తిరుపతికో హైదరాబాద్‌కో పీసీఆర్‌కు పంపితే ఎన్‌డీఎం ఒక్కటేనా, ఓఎక్స్ఏ కూడా ఉందా అన్నది తేలుతుంది.

ఎంసిమ్ ప్లేటు రేపు చదివాక రెండు జోన్ల అంకెలూ, సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టమ్ డిస్కు జోనూ ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను.